టీకా ఒకసారి పడలేదు, లేదా కాళ్లు చచ్చుబడ్డాయి: మళ్లీ సూది వేయించుకోవచ్చా? ఎలా తేల్చుకోవాలి

"టీటీ సూది వేసినాక కాళ్లు పడిపోయినయి. ఇప్పుడు కుక్క కరిచింది. సూది వేసుకోవాల్నా, వద్దా?" నల్లగొండ, దేవరకొండ, నాగర్‌కర్నూల్, అచ్చంపేట వైపు నుంచి ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. "పాపకు సూది వేయంగనే ఒళ్లంతా దద్దుర్లొచ్చి ఊపిరాడలేదు, తర్వాతి డోసు మానెయ్యాల్నా?" అనేది దాని తోబుట్టువు.

రెండింటికీ అవును, కాదు అని ఒక్క మాటలో జవాబు లేదు. అప్పుడు జరిగింది నిజంగా ఏమిటి, ఏ టీకాతో, ఎంతసేపటికి, ఇప్పుడు వేయించుకోవాల్సిన టీకా ఏది అన్న నాలుగు సంగతుల మీద అది ఆధారపడుతుంది. మన వైపు పెద్దవాళ్లకు ఎక్కువగా అవసరం పడేవి రెండే: గాయానికి వేసే టీటీ (ఇప్పుడు సర్కారు దవాఖానల్లో దాని బదులు, ధనుర్వాతంతోపాటు కంఠసర్పికి కూడా పనిచేసే టీడీ వేస్తున్నారు), కుక్కకాటు టీకా. కాబట్టి ఈ రెండింటి మీదే ఎక్కువసేపు నిలబడదాం.

కుక్క ఇప్పటికే కరిచి ఉంటే ముందు గాయాన్ని సబ్బు పెట్టి, కారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి. అదే రోజు దవాఖానకు వెళ్లండి. పాత కాగితాల కోసం ఇల్లంతా వెతుకుతూ ఆ పని ఆపొద్దు. మిగతాది దారిలో చదువుకోవచ్చు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాత టీకా చీటీ. పిల్లలకైతే తల్లీబిడ్డల కార్డు. టీకా పేరు, కంపెనీ, బ్యాచ్ నంబరు ఉంటే ఇంకా మంచిది.
- అప్పటి డిశ్చార్జి కాగితం. నరాల జబ్బయితే నర్వ్ కండక్షన్ పరీక్ష, వెన్నులో నీరు తీసిన పరీక్ష రిపోర్టులు.
- దద్దుర్లు, వాపు ఉన్నప్పుడు ఫోన్‌లో తీసిన ఫోటోలు. తేదీ, టైమ్ కనపడేలా ఉంచండి.
- ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ. బీపీకి అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటివి వాడుతుంటే తప్పకుండా చూపించాలి. అలర్జీ ముదిరినప్పుడు ఇచ్చే అడ్రినలిన్ వీళ్లలో సరిగా పనిచేయకపోవచ్చు. అలాగని మీ అంతట మీరు ఆ మాత్రలు ఆపొద్దు.
- ఆ రోజు పక్కన ఉండి చూసిన మనిషి. కాగితాలు లేనప్పుడు ఈ మనిషి మాటే కాగితం.

1. సూదికీ జబ్బుకూ మధ్య ఎంత సమయం గడిచిందో రాసుకోండి

ఒక కాగితం మీద రెండే గీతలు గీయండి. పైన సూది వేసిన తేదీ, టైమ్. కింద మొదటి లక్షణం కనపడిన తేదీ, టైమ్. దవాఖానలో చేరిన రోజు కాదు, మొదటి లక్షణం కనపడిన రోజు. చాలామంది ఇక్కడే తప్పుతారు. మంచం పట్టిన రోజు చెబుతారు, దానికి నాలుగు రోజుల ముందే మొదలైన తిమ్మిర్లు చెప్పరు.

ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ నిమిషాల్లోనే మొదలవుతుంది. ఎక్కువమందిలో అరగంట లోపే, కొందరిలో కొన్ని గంటలకు. మర్నాడు పొద్దున వచ్చిన జ్వరం, చేతి వాపు, ఒళ్లునొప్పులు ఈ లెక్కలోకి రావు. అవి టీకా పనిచేసేటప్పుడు మామూలుగా వచ్చేవి, తర్వాతి డోసుకు అడ్డు కాదు.

నరాల జబ్బు లెక్క వేరు. ఒళ్లు తన సొంత నరాలనే దెబ్బతీసి కాళ్లూ చేతులూ చచ్చుబడేలా చేసే జబ్బు గిలియన్ బారే సిండ్రోమ్, అందరూ జీబీఎస్ అనేది. దాన్ని టీకాతో ముడిపెట్టాలంటే అది సూది వేసిన 6 వారాల లోపు మొదలై ఉండాలి. సూది వేసిన సాయంత్రమే కాళ్లు పడిపోయాయంటే అది జీబీఎస్ కాకపోవచ్చు. ఎనిమిది నెలలకు పడిపోతే ఆ సూదిని నిందించడానికి ఆధారం లేదు.

2. ఆ రోజు ఒంట్లోకి ఇంకేం పోయాయో లెక్కపెట్టండి

ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఒక్క టీటీ మాత్రమే వేయించుకుని వచ్చేవాళ్లు తక్కువ. దాంతోపాటు నొప్పికి డైక్లోఫెనాక్ సూది, ఒక యాంటీబయాటిక్, మాత్రలు. డైక్లోఫెనాక్, పెన్సిలిన్ జాతి మందులు రెండూ ప్రాణం మీదికి అలర్జీ తెచ్చేవే. టీకాతో అంత తీవ్రమైన అలర్జీ రావడం పది లక్షల డోసులకు ఒకటి చొప్పున మాత్రమే. మూడు సూదులు ఒకేసారి పడ్డప్పుడు నింద టీకా మీదే వేస్తే, అసలు దోషి మళ్లీ ఒంట్లోకి వస్తుంది, అవసరమైన టీకా ఆగిపోతుంది.

కుక్కకాటులో ఇంకో చిక్కుంది. చర్మం తెగి రక్తం కారితే టీకాతోపాటు గాయంలో సీరమ్ కూడా వేస్తారు. అందులో ఒక రకం గుర్రం రక్తం నుంచి తీసింది. దద్దుర్లు, ఆయాసం దాంతో వచ్చాయా, చేతికి వేసిన టీకాతో వచ్చాయా? వారం పది రోజులకు జ్వరం, కీళ్లనొప్పులు, దద్దుర్లు కలిసి వస్తే అది ఎక్కువగా గుర్రపు సీరమ్ పనే, టీకా కోర్సు ఆపాల్సిన పని లేదు. సీరమ్ వేసేది కోర్సు మొదట్లో ఒక్కసారే. ఆ మనిషికి మళ్లీ ఎప్పుడైనా అవసరం పడితే మనిషి రక్తం నుంచి తీసిన సీరమ్ గానీ, ల్యాబ్‌లో తయారు చేసిన మోనోక్లోనల్ యాంటీబాడీ గానీ అడగొచ్చు.

3. అది అలర్జీయేనా, కళ్లు తిరిగి పడటమా తేల్చుకోండి

సూది చూడగానే, లేదా వేసిన ఒకటి రెండు నిమిషాల్లో, ముఖం పాలిపోయి, చల్లటి చెమట పట్టి, కూలబడి, పడుకోబెడితే కాసేపట్లో తేరుకుంటే అది భయంతో వచ్చే సొమ్మ. అప్పుడు నాడి నెమ్మదిగా కొడుతుంది. ఒంటి మీద దద్దుర్లుండవు. బడిలో టీకా వేసే రోజు ఒక పిల్ల పడితే వరసగా నలుగురు పడేది ఇదే. వీళ్లు తర్వాతి డోసు పడుకుని వేయించుకుంటే చాలు.

అలర్జీ అయితే ఒళ్లంతా దురద, ఉబ్బిన దద్దుర్లు, పెదాలు, కనురెప్పల వాపు, గొంతు బొంగురు, పిల్లికూతలు, వాంతులు, నాడి వడిగా కొట్టుకోవడం, బీపీ పడిపోవడం ఉంటాయి. వీటిలో రెండు మూడు చోట్లవి ఒకేసారి వస్తే, అంటే చర్మంతోపాటు ఊపిరి గానీ బీపీ గానీ దెబ్బతింటే, దాన్ని అనాఫిలాక్సిస్ అంటారు. ఒట్టి దద్దుర్లు మాత్రమే వచ్చి తగ్గిపోతే అది చిన్న అలర్జీ. డాక్టర్‌కు చెప్పాలి గానీ, జన్మంతా టీకా నిషేధించేది కాదు.

కాగితం మీద చూడాల్సినది ఒకటుంది. అప్పుడు తొడకు అడ్రినలిన్ వేశారా? వేశాక పది పదిహేను నిమిషాల్లో తెరిపి వచ్చిందా? డిశ్చార్జిలో అది ఉంటే అనుమానం చాలావరకు తీరినట్టే. కొన్ని పెద్ద దవాఖానల్లో అలర్జీ మొదలైన మూడు గంటల లోపు తీసిన రక్తంలో ట్రిప్టేజ్ చూస్తారు, అలర్జీ ముదిరినప్పుడు రక్తంలో పెరిగే పదార్థం అది. ఆ రిపోర్టు ఉంటే భద్రంగా దాచండి.

4. "నరాల బలహీనత" అంటే ఏదో విడదీయండి

మన దగ్గర ఈ మాట కింద ఐదారు వేరువేరు జబ్బులు పడి ఉంటాయి. ఇక్కడ తొందరపడితే మొత్తం నిర్ణయం తప్పుతుంది.

పిర్ర మీద సూది వేయగానే కాల్లోకి కరెంటు షాకులా నొప్పి పాకి, ఆ ఒక్క కాలి పాదమే పైకి లేవకుండా పోతే, సూది తొడ వెనక నరానికి తగిలింది. ఇది వేసిన చోటు తప్పు, టీకా తప్పు కాదు. తర్వాతి డోసు భుజానికి వేయించుకోవడానికి అడ్డేమీ లేదు. అసలు టీటీ గానీ కుక్కకాటు టీకా గానీ పిర్రకు వేయనే కూడదు. కుక్కకాటు టీకా అక్కడి కొవ్వులో సరిగా పనిచేయదు కూడా.

భుజంలో తట్టుకోలేనంత నొప్పి వచ్చి, కొన్ని రోజులకు నొప్పి తగ్గుతూ ఆ చేయి సన్నబడి బలం పోతే అది భుజం దగ్గరి నరాల గుత్తి వాపు. టీటీ తర్వాత 2 రోజుల నుంచి 4 వారాల మధ్య అరుదుగా వస్తుంది. దీన్ని న్యూరాలజిస్టుకు చూపించాకే తర్వాతి టీటీ మాట.

మూతి ఒక పక్కకు పోవడం, ఒళ్లంతా నీరసం, చేతులు వణకడం, రాత్రి తిమ్మిర్లు, షుగర్ ఉన్నవాళ్ల అరికాళ్ల మంటలు ఇవేవీ జీబీఎస్ కావు.

జీబీఎస్‌కు తనదైన నడక ఉంది. ముందు కాలివేళ్లలో తిమ్మిరి. తర్వాత రెండు కాళ్లూ ఒకేలా బలహీనం. గొంతుక్కూర్చుని లేవలేరు, మెట్లెక్కలేరు, చెప్పు జారిపోయినా తెలియదు. రోజురోజుకూ పైకి పాకి చేతులకు, ముఖానికి, కొందరిలో ఊపిరికి వస్తుంది. 4 వారాల లోపు ముదరడం ఆగుతుంది. మోకాలి కింద సుత్తితో కొడితే కాలు ఎగరదు. వెన్నునీటిలో ప్రొటీన్ పెరిగి, కణాలు మామూలుగా ఉంటాయి. కాగితం మీద ఈ మాటలు, లేదా ఐవీఐజీ అనే యాంటీబాడీ మందు ఐదు రోజులు నరంలోకి ఎక్కించినట్టు, ప్లాస్మా మార్చినట్టు రాసి ఉంటే జీబీఎస్ అనే అనుకోవచ్చు.

అయినా టీకా వల్లే అని తేలినట్టు కాదు. జీబీఎస్ వచ్చినవాళ్లలో మూడింట రెండొంతుల మందికి అంతకు ముందు ఆరు వారాల్లో విరేచనాలో, జలుబు దగ్గు జ్వరమో వచ్చి ఉంటాయి. సూది గుర్తుంటుంది, విరేచనాలు గుర్తుండవు. గుర్తు తెచ్చుకుని రాయండి.

15 ఏళ్ల లోపు పిల్లలకు కాలు గానీ చేయి గానీ హఠాత్తుగా మెత్తబడితే, కారణం ఏమనుకున్నా సరే, ఆశాకో ఏఎన్ఎంకో వెంటనే చెప్పండి. పోలియో కాదని తేల్చడానికి 14 రోజుల లోపు రెండుసార్లు మలం పరీక్షకు పంపాలి.

5. ఇప్పుడు వేయించుకోవాల్సిన టీకా పక్కన పెట్టి చూడండి

*టీటీ లేదా టీడీతో అనాఫిలాక్సిస్ వచ్చి ఉంటే:* అదే టీకా మళ్లీ ఊళ్లో వేయించుకోకూడదు. అలర్జీ డాక్టర్ చర్మ పరీక్ష చేసి, అవసరమైతే డోసును చిన్నచిన్న భాగాలుగా, పెద్ద దవాఖానలో వేస్తారు. మురికి గాయమైతే టీకా బదులు, ధనుర్వాతానికి తయారుగా ఉన్న యాంటీబాడీ మందు, టెటనస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ 250 యూనిట్లు వేస్తారు. అది కొన్ని వారాలే కాపాడుతుంది, తర్వాతి గాయానికి పనికిరాదు.

*టీటీ తర్వాత 6 వారాల లోపు జీబీఎస్ వచ్చి ఉంటే:* ఇది పూర్తి నిషేధం కాదు, ఆచితూచి నిర్ణయించాల్సిన సంగతి. ఈ జాగ్రత్తకు ముఖ్య ఆధారం 1978లో వైద్య పత్రికలో వచ్చిన ఒక్క మనిషి వివరం. అతనికి మూడుసార్లు టీటీ వేస్తే మూడుసార్లూ నరాల జబ్బు తిరగబెట్టింది. అందుకే డాక్టర్లు ముందు అడిగేది "అసలు ఇప్పుడు ఈ డోసు అవసరమా?" అని. జీవితంలో మూడు, అంతకంటే ఎక్కువ డోసులు పడ్డవాళ్లకు శుభ్రమైన చిన్న గాయమైతే పదేళ్ల దాకా, మట్టి, పేడ అంటిన గాయమైతే ఐదేళ్ల దాకా మళ్లీ అక్కర్లేదు. గీసుకుపోయిన ప్రతిసారీ ఆరునెలలకొక టీటీ వేయించుకునే అలవాటు మన ఊళ్లలో ఉంది. దానికి ఏ ఆధారమూ లేదు. పైగా మరీ తరచుగా వేస్తే భుజం నుంచి మోచేయి దాకా వాచిపోవచ్చు. దాన్నే "పడలేదు" అనుకునేవాళ్లూ ఉన్నారు.

*ఒక టీకాతో జీబీఎస్ వచ్చి, ఇప్పుడు వేరే టీకా కావాలంటే:* మామూలుగా అడ్డు లేదు. టీటీ తర్వాత వస్తే టీటీ ఉన్న టీకాలకు, ఫ్లూ టీకా తర్వాత వస్తే ఫ్లూ టీకాకే ఆ జాగ్రత్త వర్తిస్తుంది. జబ్బు ఇంకా ముదురుతున్న రోజుల్లో మాత్రం వాయిదా వేయగల టీకాలన్నీ వాయిదా వేస్తారు. ఐవీఐజీ ఎక్కించిన పిల్లలకు తట్టు టీకా లాంటి బతికున్న క్రిమి టీకాలు కొన్ని నెలలు ఆపుతారు, ఎందుకంటే ఆ టీకా పట్టదు.

*కుక్కకాటు టీకా:* దీనికి పైవేవీ వర్తించవు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికే దారి దాదాపు లేదు. అందుకే కాటు పడ్డాక ఈ టీకాను ఆపే కారణమే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. గర్భిణి అయినా, జీబీఎస్ వచ్చినా, అలర్జీ ఉన్నా వేయాల్సిందే. ఎలా వేయాలన్నదే ప్రశ్న.

ఈ టీకాతోనే ఇంతకు ముందు అనాఫిలాక్సిస్ వచ్చి ఉంటే వేరే రకం కణాల్లో తయారైనది వాడతారు. మన దగ్గర దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు: కోడి పిండం కణాల్లో చేసినది, వీరో కణాల్లో చేసినది. మొదటి రకంలో పాలీజెలిన్ అనే జెలటిన్ రకం పదార్థం ఉంటుంది, అలర్జీకి అది కారణం కావచ్చు. పెట్టె మీద ఏ రకమో రాసి ఉంటుంది. ఖాళీ సీసాని, పెట్టెని ఫోటో తీసి పెట్టుకోండి. రకం మార్చినా కోర్సు మొదటికి రాదు, ఆగిన చోటు నుంచే సాగుతుంది.

యాభై దాటినవాళ్లలో కొందరు "నా చిన్నప్పుడు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేస్తే కాళ్లు పడిపోయినయి, మళ్లీ వద్దు" అంటారు. వాళ్ల భయం ఉత్తది కాదు. ఆ పాత టీకా గొర్రె మెదడు నుంచి చేసింది. అందులోని నరాల పైపొర పదార్థానికి ఎదురుతిరిగి ఒళ్లు తన సొంత నరాలనే దెబ్బతీసేది. మన దేశంలో దాన్ని 2004 చివర్లో ఆపేశారు. ఇప్పటి టీకాల్లో మెదడు పదార్థం లేదు. అప్పుడు కాళ్లు పడిపోయినా ఇప్పటి టీకా వేయించుకోవచ్చు.

6. ఒక కేసు మొదటి నుంచి చివరి దాకా

దేవరకొండ దగ్గరి తండాలో 48 ఏళ్ల ఆడమనిషి అనుకుందాం, బరువు 52 కిలోలు. ఎనిమిదేళ్ల కింద కొడవలి తెగితే టీటీ వేశారు. 18వ రోజు కాలివేళ్లలో తిమ్మిరి, 22వ రోజు నిలబడలేకపోయింది. హైదరాబాద్‌లో ఐవీఐజీ ఐదు రోజులు ఎక్కించారు. నాలుగు నెలలకు నడిచింది. ఇవాళ పొద్దున కుక్క పిక్క మీద కరిచింది, రక్తం కారుతోంది.

కుక్కకాటు టీకా: ఇవాళే మొదలుపెట్టాలి. సర్కారు పద్ధతిలో రెండు భుజాల చర్మంలో 0.1 మి.లీ. చొప్పున. 0, 3, 7, 28 రోజుల్లో. రక్తం కారింది కాబట్టి సీరమ్ కూడా. గుర్రపు సీరమ్ కిలోకు 40 యూనిట్లు, అంటే 52 కిలోలకు 2,080. మనిషి సీరమ్ కిలోకు 20, అంటే 1,040. పట్టినంత మందును గాయం లోపల, చుట్టూ వేస్తారు. జీబీఎస్ పేరు చెప్పి వీటిలో ఒక్కటి కూడా తగ్గించకూడదు.

టీడీ: కుక్కకాటు చీటీతోపాటు అలవాటుగా రాసేస్తారు. ఇక్కడే నోరు తెరిచి చెప్పాలి: "టీటీ వేసిన 18వ రోజుకు జీబీఎస్ వచ్చింది." కుక్కకాటు మురికి గాయమే, ఐదేళ్లు దాటింది, కాబట్టి మామూలు మనిషికైతే వేస్తారు. ఆమెకు రెండు కాన్పుల్లో, కొడవలి గాయంలో కలిపి మూడు డోసులు పైనే పడ్డాయి కాబట్టి పాత రక్షణ కొంత మిగిలే ఉంటుంది. డాక్టర్ టీడీ ఆపి, టెటనస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ 250 యూనిట్లు వేరే చోట వేసి, తీరిగ్గా న్యూరాలజిస్టును అడిగే దారి పట్టొచ్చు. రక్తంలో టెటనస్ యాంటీబాడీ చూసి, మి.లీ.కు 0.1 యూనిట్లు దాటి ఉంటే నిశ్చింతగా ఆగొచ్చు. ఆమెకు మూడు డోసులు ఎన్నడూ పడి ఉండకపోతే తూకం మారుతుంది. పొలంలో పనిచేసే మనిషికి ధనుర్వాతం భయం నిజమైనది, అప్పుడు కళ్ల ముందు ఉంచుకుని వేయడమే మేలని డాక్టర్ అనవచ్చు.

ఎక్కువగా జరిగే తప్పు దీనికి తలకిందులు: నర్సు అడగలేదని టీడీ వేయించుకుంటారు, "నరాల జబ్బు మనిషి" అని ఎవరో భయపెడితే కుక్కకాటు మూడో డోసు మానేస్తారు.

7. వేయించుకునే రోజు

చిన్న పీహెచ్‌సీలో అలర్జీ పెట్టె ఉంటుంది, ఏఎన్ఎం కూడా మొదటి అడ్రినలిన్ డోసు వేయగలదు. అయినా ఇంతకు ముందు అనాఫిలాక్సిస్ వచ్చినవాళ్లు నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట జనరల్ దవాఖానల్లాంటి చోటే వేయించుకోవాలి. అక్కడ ఆక్సిజన్, సెలైన్, బీపీ చూసే మనిషి ఉంటారు. హైదరాబాద్ దాకా పోగలిగితే కుక్కకాటుకు నారాయణగూడ ఐపీఎం, నల్లకుంట కోరంటి దవాఖాన తెలిసిన చోట్లే. పొద్దున్నే వెళ్లండి. ఓపీ మూసే వేళకు వేయించుకుని చీకట్లో బస్సెక్కడం తెలివైన పని కాదు.

సూదికి ముందు అడగండి: "అడ్రినలిన్ పక్కన ఉందా?" పెద్దవాళ్లకు 0.5 మి.లీ., తొడ బయటి వైపు కండకు వేస్తారు. తగ్గకపోతే 5 నుంచి 15 నిమిషాలకు మళ్లీ. అలర్జీ ముదిరినప్పుడు ముందు అవిల్, డెక్సా వేసి చూద్దాం అనేవాళ్లు దొరుకుతారు. అవి దురద తగ్గిస్తాయి, పడిపోతున్న బీపీని లేపవు. అడ్రినలిన్ ఆలస్యం కావడమే ప్రాణం తీస్తుంది. ముందుజాగ్రత్తగా ఇంటి దగ్గరే అవిల్ మాత్ర మింగి రావడం కూడా వద్దు. అనాఫిలాక్సిస్‌ను అది ఆపదు, మొదటి గుర్తులను మాత్రం కప్పేస్తుంది.

సూది పడ్డాక కనీసం అరగంట, డాక్టర్ చెబితే ఇంకా ఎక్కువసేపు, కూర్చున్న చోటు నుంచి కదలొద్దు. గొంతు బిగిసినట్టు, అరచేతుల్లో దురద, కడుపులో మెలిపెట్టినట్టు అనిపిస్తే వెంటనే చెప్పండి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తాలి. ఆయాసంగా ఉంటే కూర్చోవచ్చు గానీ నిలబెట్టి నడిపించొద్దు. ఇంటికి పోయాక వస్తే 108.

పథ్యం సంగతి కూడా అడుగుతారు. వంకాయ, గుడ్డు, మాంసం తిన్నా టీకాకు నష్టం లేదు. గాయం మీద సున్నం, కారం, ఆకు పసరు మాత్రం పెట్టొద్దు.

8. తర్వాత ఆరు వారాలు ఎలా చూసుకోవాలి

జీబీఎస్ వచ్చి ఉన్నవాళ్లు రోజూ పొద్దున ఒకే టైమ్‌కు నాలుగు పనులు చేసి చూసుకోండి. గొంతుక్కూర్చుని చేయి ఆనించకుండా లేవండి. మడమల మీద పది అడుగులు నడవండి. గట్టిగా కళ్లు మూసి, రెప్పలు రెండూ సమానంగా మూసుకున్నాయా ఇంట్లో వాళ్లతో చూపించుకోండి. నిండా ఊపిరి తీసుకుని, ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టండి.

మొదటి రోజు ఎన్ని అంకెలు వచ్చాయో రాసుకోండి, అదే మీ కొలత. నిన్న లేచినవాళ్లు ఇవాళ లేవలేకపోతే అదే రోజు దవాఖానకు పోవాలి, రేపటికి ఆగొద్దు. అంకెలు 20 దాటకపోతే, మింగుడు పడకపోతే, గొంతు మారితే అది ఊపిరి కండరాల మీదికి వస్తున్న గుర్తు. ఐసీయూ ఉన్న చోటికే పోవాలి. పాత జీబీఎస్ వల్ల కాళ్లలో మిగిలిన కొద్ది తిమ్మిరి, అలసిన రోజు పెరిగే బరువు కొత్త జబ్బు కాదు. విశ్రాంతి తీసుకున్నాక తగ్గుతుందా, రోజురోజుకూ పెరుగుతుందా అన్నదే తేడా.

జబ్బు తిరగబెట్టకుండా ఉండాలని స్టెరాయిడ్ మాత్రలు వేసుకోకండి. జీబీఎస్‌కు అవి పనిచేయవు, కుక్కకాటు టీకా పట్టకుండా చేయొచ్చు. వేరే జబ్బుకు స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు కోర్సు అయ్యాక రేబిస్ యాంటీబాడీ పరీక్ష గురించి డాక్టర్‌ను అడగాలి. మి.లీ.కు 0.5 యూనిట్లు, ఆపైన ఉంటే టీకా పట్టినట్టు.

ఏదైనా తేడా జరిగితే టీకా వేసిన చోట మెడికల్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా చెప్పండి. మందుల దుష్ఫలితాలు నమోదు చేసే టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024 కూడా ఉంది. నమోదైన కేసును జిల్లా స్థాయిలో చూస్తారు, టీకా వల్లనా కాదా తేలుతుంది. ఆ కాగితం తర్వాతి డోసుకు పనికొస్తుంది.

9. చీటీ రాసి జేబులో పెట్టుకోండి

"ఇంజక్షన్ పడదు" అని రాస్తే తర్వాత చూసే డాక్టర్‌కు ఏమీ అర్థం కాదు. ఫలానా టీకా, ఫలానా తేదీ, ఎంతసేపటికి, ఏమైంది, ఏం చేస్తే తగ్గింది, ఏవి వేయొచ్చు అని ఉండాలి. పై కేసులోని మనిషికైతే ఇలా:

"టీటీ వేసిన 18వ రోజు జీబీఎస్ మొదలైంది. ఐవీఐజీ 5 రోజులు. అలర్జీ లేదు. టీటీ, టీడీ వేసే ముందు న్యూరాలజిస్టును అడగాలి, గాయానికి ఇమ్యునోగ్లోబ్యులిన్ వేయొచ్చు. కుక్కకాటు టీకా, సీరమ్ ఆపొద్దు. కుక్కకాటు టీకా నాలుగు డోసులు పూర్తి, తేదీలు వెనక ఉన్నాయి."

చివరి వాక్యం వదలొద్దు. కోర్సు పూర్తయినట్టు రుజువు ఉంటే, మళ్లీ ఎప్పుడు కరిచినా 0, 3 రోజుల్లో రెండుసార్లు వేస్తే సరిపోతుంది, సీరమ్ అక్కర్లేదు. గుర్రపు సీరమ్‌తో ఒకసారి ఇబ్బంది పడ్డవాళ్లకు ఆ కాగితం ముక్క ఇంకా ఎక్కువ పనికొస్తుంది.